పిల్లికి ఓ కుండీ పచ్చిక

బెంగళూరు కాటన్‌పేటలో మట్టి నేల కనిపించాలంటే వెతుక్కోవాలి. తవక్కల్ మస్తాన్ దర్గా చుట్టుపక్కల వీధుల్లో కింద దుకాణం, పైన గోదాము, ఆ పైన ఇల్లు. ఈ ఇళ్లలో పెరిగే పిల్లికి గడ్డి కావాలనిపిస్తే దొరికే పచ్చదనం ఒక్కటే: కిటికీలో సీసా నీళ్లలో వేలాడే మనీప్లాంటు. ఆకుల అంచులు కొరికేసి ఉంటాయి, కాసేపటికి గచ్చు మీద వాంతి కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు పిల్లిని అదిలిస్తారు, తీగను కాస్త పైకి కడతారు. మర్నాడు మళ్లీ అదే తంతు. పిల్లిని మాన్పించడం మన వల్ల కాదు. అది నమిలే మొక్క ఏదో నిర్ణయించడం మాత్రం మన చేతిలోనే ఉంది.

జబ్బు కాదు, సహజం

ఒంట్లో బాగాలేనప్పుడే పిల్లి గడ్డి తింటుందని మన పెద్దవాళ్లు అంటారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన పశువైద్య శాస్త్రవేత్త బెంజమిన్ హార్ట్ బృందం ఈ నమ్మకాన్ని పరీక్షించింది. వెయ్యి మందికి పైగా పిల్లుల యజమానులను ప్రశ్నించి, 2019లో ఫలితాలు వెల్లడించింది. 71 శాతం పిల్లులు కనీసం ఆరుసార్లు మొక్కలు తింటూ కనిపించాయి. తినని పిల్లులు 11 శాతమే. తినేముందు పిల్లి మామూలుగానే ఉందని 91 శాతం మంది చెప్పారు. తిన్నాక తరచూ వాంతి చేసుకునేవి నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉన్నాయి. అంటే వాంతి కోసమే గడ్డి తింటుందనడం చాలా పిల్లుల విషయంలో పొసగదు.

మరెందుకు తింటుంది? హార్ట్ బృందం వివరణ ఇది. పిల్లి పూర్వీకులు ఎలుకలనూ పక్షులనూ పచ్చిగా తినేవి. వాటితోపాటు పేగుల్లోకి పురుగులు చేరేవి. పిల్లి కడుపు గడ్డి పీచును అరిగించుకోలేదు. అరగని ఆ పీచు పేగు కండరాలను కదిలించి, పురుగులను బయటికి నెట్టేది. చింపాంజీలు గరుకు ఆకులను నమలకుండా మింగి పురుగులను వదిలించుకోవడం అడవుల్లో చూసిందే. ఇంటి పిల్లికి ఇవాళ పురుగులు లేకపోయినా ఆ అలవాటు రక్తంలో మిగిలింది. నాక్కున్నప్పుడు మింగిన వెంట్రుకల ఉండలను కక్కడానికే తింటుందన్న వాదన కూడా ఉంది. అయితే బొచ్చు పిల్లులకూ పొట్టి వెంట్రుకల పిల్లులకూ గడ్డి తినడంలో తేడా ఈ సర్వేలో కనిపించలేదు.

ఇంట్లో ఉన్న ప్రమాదం

పచ్చిక దొరకని పిల్లి అందిన ఆకునల్లా కొరుకుతుంది. మనీప్లాంటు, డిఫెన్‌బాకియా, సింగోనియం, పీస్ లిల్లీ ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ సూదుల రూపంలో ఉంటుంది. కొరకగానే అవి నోటిలో గుచ్చుకుంటాయి. పిల్లి చొల్లు కారుస్తుంది, పంజాతో మూతి రుద్దుకుంటుంది, వాంతి చేసుకుంటుంది. బాధ ఎక్కువే గానీ సాధారణంగా ప్రాణం మీదికి రాదు.

ప్రాణం తీసేది అసలైన లిల్లీ. మన పూల అంగళ్లలో లిల్లీ పేరుతో మూరల్లెక్కన అమ్మే తెల్లటి సుగంధరాజం వేరు, దానితో ఈ భయం లేదు. బొకేల్లో కనిపించే పెద్ద బూరల్లాంటి పూలు, డే లిల్లీలు, ఇవే పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఆకు, రేకు, చివరికి పూలు పెట్టిన కూజా నీళ్లు కూడా విషమే. ఒంటి మీద రాలిన పుప్పొడిని నాక్కున్నా చాలు.

రాత్రి ఇంటికి బొకే వచ్చిందనుకుందాం. పిల్లి ఒక రేకు కొరికింది. కొన్ని గంటల్లో వాంతులవుతాయి, తిండి మానేస్తుంది. మర్నాడు వాంతులు ఆగి, తేరుకున్నట్టు కనిపిస్తుంది. మోసపోయేది ఇక్కడే. లోపల మూత్రపిండాలు చెడిపోతూనే ఉంటాయి, ఒకటి నుంచి మూడు రోజుల్లో పూర్తిగా పని మానేస్తాయి. తిన్న 18 గంటల్లోగా సెలైన్ మొదలుపెట్టి రెండు మూడు రోజులు కొనసాగిస్తే చాలా పిల్లులు బతుకుతాయి. కాబట్టి కొరికినట్టు అనుమానం రాగానే బయల్దేరాలి. పుప్పొడి ఉంటే తడిగుడ్డతో తుడిచి, ఆ పువ్వునో దాని ఫొటోనో వెంట తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయకూడదు, అది మరో విషమవుతుంది.

సైకస్, గన్నేరు కూడా ఇంత ప్రమాదకరమైనవే. సైకస్ కాలేయాన్ని, గన్నేరు గుండెను దెబ్బతీస్తాయి. పిల్లి ఉన్న ఇంట్లో ఈ మూడింటికీ చోటు లేదు.

గోధుమ కుండీ

పిల్లికి పెంచదగ్గ పచ్చికల్లో అన్నిటికన్నా సులువైనది గోధుమ. పెళ్లిళ్లలో పాలికలు పోసిన చేతులకు ఈ పని కొత్తేమీ కాదు. కిరాణా కొట్టులో వండుకోవడానికి అమ్మే గోధుమలు రెండు చెంచాలు తీసుకుని రాత్రంతా నానబెట్టాలి. విత్తనాల దుకాణంలో రంగు పూసి అమ్మేవి వద్దు, వాటికి శిలీంధ్రనాశిని పట్టించి ఉంటారు. అడుగున చిల్లులున్న, జానెడు వెడల్పు కుండీలో రెండంగుళాల మట్టి గానీ కోకోపీట్ గానీ పోసి, గింజలను ఒకదాని పక్కన ఒకటి పరిచి, పలచగా మట్టి కప్పాలి. తడి ఆరకుండా నీళ్లు చిలకరిస్తే రెండు మూడు రోజుల్లో మొలకలొస్తాయి. అప్పుడు వెలుతురున్న కిటికీ దగ్గర పెట్టాలి. ఎనిమిది, పది రోజులకు బెత్తెడు ఎత్తవుతుంది. పిల్లికి ఇవ్వాల్సింది అప్పుడే.

మొలకల అడుగున తెల్లటి నూగు కనిపిస్తే కంగారు వద్దు, నీళ్లు చల్లగానే మాయమైతే అది వేరు నూగు. చల్లినా పోకుండా సాలెగూడులా అల్లుకుని, ముక్కిన వాసన వస్తే బూజు. ఆ కుండీ మొత్తం పారేయాలి. నీళ్లు ఎక్కువై, గాలి తగలకపోతే బూజు పడుతుంది. వానాకాలంలో రోజుకొకసారి చిలకరింపు చాలు. రెండు మూడు వారాలకు గడ్డి పసుపెక్కి ముదురుతుంది. అందుకే పది రోజులకో కొత్త కుండీ వేస్తే ఎప్పుడూ లేత పచ్చిక ఉంటుంది.

యవలు, ఓట్స్ గింజలు కూడా ఇలాగే మొలిపించుకోవచ్చు. పొట్టు తీసి అణచిన ఓట్స్ మాత్రం మొలవవు. జొన్న వద్దు. జొన్న లేత మొలకల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థం ఉంటుంది, లేత జొన్న మేసి పశువులు చచ్చిపోవడం రాయలసీమ, తెలంగాణ రైతులకు తెలిసిందే. కాలువ గట్టున మొలిచే మురిపిండి మొక్క వేరంటే పిల్లులు పడిచస్తాయి, కానీ అందులోనూ అలాంటి పదార్థమే ఉంది. దాన్ని కుండీలో పెంచకూడదు. వీధి మూల గరిక కోసుకురావడమూ మంచిది కాదు. దాని మీద ఎవరు ఏ మందు చల్లారో, ఏ కుక్క ఒంటేలు పోసిందో తెలియదు.

కుండీని పిల్లి ఇప్పటికే కొరుకుతున్న మొక్క ఉన్న చోటే పెట్టాలి. ఆ మొక్కను పిల్లి ఎగిరినా అందనంత ఎత్తుకు మార్చాలి, లేదా తలుపు మూసే గదిలోకి. అయినా ఆకులు కొరకడం మానని పిల్లికి అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ ఇంట్లో ఉన్నా విషం భయం లేదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

గడ్డి తిని ఒకసారి కక్కి, వెంటనే తిండి తింటే ఫర్వాలేదు. రోజులో పలుమార్లు కక్కినా, ఒక పూట దాటి తిండి ముట్టకపోయినా, మందకొడిగా పడుకున్నా చూపించాలి. గడ్డి తిన్న వెంటనే ఆగకుండా తుమ్ములు, గొంతులో ఏదో అడ్డుపడినట్టు మింగడం కనిపిస్తే గడ్డిపోచ ముక్కు వెనక ఇరుక్కుని ఉండవచ్చు. దాన్ని ఇంట్లో లాగకూడదు. బెంగళూరులో హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, దగ్గర్లోని పెంపుడు జంతువుల క్లినిక్ నంబరు ముందే రాసిపెట్టుకోండి.

ఈ రాత్రే రెండు చెంచాల గోధుమలు నానేయండి. బొకే వస్తే ముందు అందులో లిల్లీ ఉందేమో చూసి, ఆ తర్వాతే ఇంట్లోకి తీసుకెళ్లండి.