బిట్‌కాయిన్ కొనే ముందే తేల్చుకోవాల్సిన ధర

2022 జూన్ 18న బిట్‌కాయిన్ ధర 17,600 డాలర్ల దాకా పడిపోయింది. అక్కడ కొనేవాళ్లు ముందుకు రావడంతో కోలుకుని, ఆగస్టు 15 నాటికి 25,200 డాలర్లను తాకింది. ఆ పైకి వెళ్లలేక మళ్లీ వెనక్కి మళ్లింది. అక్కణ్నుంచి నవంబరు మొదటి వారం దాకా ఈ రెండు ధరల మధ్యే ఊగిసలాడింది. ట్రేడర్లు దీన్నే ‘రేంజ్’ అంటారు. కింద కొనేవాళ్లు కాచుకుని ఉండే ధర సపోర్ట్, పైన అమ్మేవాళ్లు కాచుకుని ఉండే ధర రెసిస్టెన్స్.

రేంజ్‌లో ట్రేడింగ్ అంటే సపోర్ట్ దగ్గర కొని, రెసిస్టెన్స్ దగ్గర అమ్మడమే కదా అనిపిస్తుంది. కానీ కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ధర ఎక్కడికి దిగితే నా లెక్క తప్పినట్టు? ఈ ప్రశ్నకు కచ్చితమైన అంకెతో జవాబు చెప్పలేనివాళ్లు ఆ ట్రేడ్ జోలికి పోకూడదు.

పై ఉదాహరణలో జవాబు సులువుగానే దొరుకుతుంది. 17,600 దగ్గర కొనేవాళ్లున్నారన్న నమ్మకంతోనే మనం కొంటున్నాం. ధర ఆ కిందికి జారిందంటే ఆ నమ్మకానికి ఆధారం పోయినట్టే. కాబట్టి స్టాప్ లాస్ 17,600కు కాస్త దిగువన, 17,500 దగ్గర పెట్టుకోవాలి. ‘అయిదు శాతం నష్టం వస్తే అమ్మేస్తా’ అనుకోవడం వేరు, ఇది వేరు. అయిదు శాతమన్నది మన జేబును చూసి పెట్టుకున్న హద్దు. 17,500 అన్నది మార్కెట్ తన నడకతో చూపించిన హద్దు.

ఆ ఏడాది అక్టోబరు 13న ఈ తేడా బాగా తెలిసొచ్చింది. అమెరికా ద్రవ్యోల్బణం లెక్కలు వెలువడగానే బిట్‌కాయిన్ 18,200 దాకా దిగి, అదే రోజు 19,000 పైకి ఎగబాకింది. 18,400 దగ్గర స్టాప్ పెట్టుకున్నవాళ్లు నష్టానికి బయటపడి, ధర పెరుగుతుంటే చూస్తూ ఉండిపోయారు. రేంజ్‌కు ఏమీ కాలేదు. వాళ్ల స్టాపే రేంజ్ లోపల ఉంది.

స్టాప్ తేలాక, ఎంత కొనాలన్నది దాన్నుంచే వస్తుంది. లక్ష రూపాయలున్న ఒక వ్యక్తి ఏ ట్రేడ్‌లోనూ వెయ్యి రూపాయలకు మించి పోగొట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాడనుకుందాం. అక్టోబరు 13న ధర కోలుకున్నాక 19,000 దగ్గర కొంటున్నాడు. స్టాప్ 17,500. మధ్య దూరం 1,500 డాలర్లు, అంటే కొన్న ధరలో 7.9 శాతం. వెయ్యి రూపాయలు 7.9 శాతం కావాలంటే పెట్టాల్సిన సొమ్ము సుమారు 12,670 రూపాయలు. అంతకు మించి ఒక్క రూపాయి పెట్టినా తన నియమాన్ని తానే మీరినట్టు.

రేంజ్ అడుగునే ఎందుకు కొనాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. 19,000 దగ్గర కొంటే 1,500 డాలర్ల నష్టానికి సిద్ధపడి, 24,500 దాకా 5,500 డాలర్ల లాభానికి ఆశపడవచ్చు. రేంజ్ నడిమధ్యలో, 21,000 దగ్గర కొంటే నష్టం 3,500, లాభమూ 3,500. రేంజ్ అదే, స్టాప్ అదే. కొన్న చోటు మారేసరికి ట్రేడ్‌లో సారం పోయింది.

మన ట్రేడర్ సగం రేంజ్ మధ్యలో 21,300 దగ్గర, మిగతా సగం 24,500 దగ్గర అమ్మాలనుకున్నాడు. నవంబరు 5న ధర 21,300 దాటింది. మొదటి సగం అమ్ముడుపోయి దాదాపు 767 రూపాయల లాభం వచ్చింది. అయితే చార్టులో ఒక హెచ్చరిక అప్పటికే కనిపిస్తోంది. ఆగస్టులో 25,200 దాకా ఎగసిన ధర సెప్టెంబరులో 22,700 దగ్గరే ఆగింది. ఇప్పుడు 21,400 దగ్గరే నీరసపడుతోంది. కింద సపోర్ట్ నిలుస్తున్నా, పైన ఎగసిన ప్రతిసారీ ఎత్తు తగ్గుతోందంటే కొనేవాళ్ల సత్తువ సన్నగిల్లుతున్నట్టు. అప్పుడు 24,500 దూరపు ఆశే.

ఆ వెంటనే ఎఫ్‌టీఎక్స్ సంక్షోభం ముదిరింది. నవంబరు 8న ఆ ఎక్స్ఛేంజీ కస్టమర్లకు సొమ్ము తిరిగివ్వడం ఆపేసింది, 11న దివాలా పిటిషన్ వేసింది. 8వ తేదీన బైనాన్స్‌లో బిట్‌కాయిన్ దాదాపు 17,200కు దిగి, రోజు ముగిసేసరికి 18,500కు చేరింది. మరునాడు 15,900 దగ్గర ముగిసింది.

ఈ రెండు రోజుల్లో అనుభవజ్ఞులైన ట్రేడర్లు ఎప్పుడూ వాదించుకునే విషయం ఒకటుంది. ధర స్టాప్‌ను తాకగానే అమ్మాలా, రోజు ముగింపు ఆ కింద ఉంటేనే అమ్మాలా? ముగింపు దాకా ఆగితే క్షణకాలపు పతనాలకు బెదిరి బయటపడే బెడద ఉండదు. కానీ ఈసారి అలా ఆగినవాళ్లు 8న నిలిచి, 9వ తేదీ ముగింపులో, అంటే మనకు మరునాటి ఉదయం అయిదున్నరకు, 15,900 దగ్గర అమ్ముకోవాల్సి వచ్చింది. మన ట్రేడర్ చేతిలోని సగానికి 17,500 దగ్గర నష్టం 500 రూపాయలైతే, 15,900 దగ్గర వెయ్యి దాటుతుంది. ముగింపు కోసం ఆగదలిస్తే ఆ అదనపు నష్టాన్ని ముందే లెక్కలో వేసుకుని తక్కువ కొనాలి. స్టాప్ ఆర్డర్ రకమూ చూసుకోవాలి. స్టాప్ లిమిట్ ఆర్డర్‌లో మనం చెప్పిన ధరకు కొనేవాళ్లు లేకపోతే కాయిన్ అమ్ముడుపోదు, ధర మాత్రం దాటిపోతుంది. స్టాప్ మార్కెట్ ఆర్డర్ నాలుగు డాలర్లు తక్కువకైనా బయటపడేస్తుంది.

తాకగానే అమ్మిన మన ట్రేడర్‌కు 767 లాభం, 500 నష్టం పోను 267 రూపాయలు మిగిలాయి. ఆయన భారత్‌లో పన్ను కట్టే మనిషైతే లెక్క ఇక్కడితో ఆగదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్ పడుతున్నాయి. నష్టాన్ని లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. కాబట్టి పన్ను 267 మీద కాదు, మొత్తం 767 మీద పడుతుంది. అది 239 రూపాయలు. చివరికి చేతిలో మిగిలేది 28 రూపాయలు. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ ఎక్స్ఛేంజీ తీసుకున్న ఫీజుకు అవి చాలవు. అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ కోస్తారు. అది తర్వాత పన్నులో సర్దుబాటైనా, అప్పటిదాకా మన పెట్టుబడి తగ్గినట్టే.

అంటే ట్రేడ్ సరిగ్గా చేసినా, లాభం స్టాప్ దూరానికి ఒకటిన్నర రెట్లే ఉంటే మన దేశంలో గిట్టదు. ఒకటిన్నర రెట్ల లాభమొస్తే పదింటిలో నాలుగు గెలిస్తే మామూలుగా అసలు నిలుస్తుంది. ఈ పన్నుతో దాదాపు అయిదు గెలవాలి. అందుకే ఇక్కడి ట్రేడర్ ఎంచుకోవాల్సింది మొదటి టార్గెట్టే స్టాప్ దూరానికి మూడు రెట్లున్న వెడల్పాటి రేంజ్‌లను. అది దొరక్కపోతే ఆ రేంజ్‌ను వదిలేయడమే మేలు.

బిట్‌కాయిన్ నవంబరు 21 ప్రాంతంలో 15,500 దాకా పడి, 2023 జనవరిలో 21,000 దాటింది. అమ్మకుండా ఉంటే బాగుండేదని అప్పుడు చాలామందికి అనిపించి ఉంటుంది. కానీ ఎఫ్‌టీఎక్స్ కూలుతున్న రోజున, ఇంకా ఎన్ని సంస్థలు కూలతాయో ఎవరికీ తెలియదు. ఆ రోజు తెలిసినంతలో 17,500 దగ్గర బయటపడటం సరైన పని. ధర తర్వాత ఎటు పోయినా ఆ మాట మారదు.