తొమ్మిది మంది సగటు ఎంత గట్టిది?

చిన్న తరగతిలో పెట్టిన పరీక్ష సగటును ఉపాధ్యాయులు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబుగా వాడుతుంటారు. ఈ పిల్లలు ఈ పరీక్ష ఎలా రాశారన్నది మొదటిది. ఇదే పాఠాన్ని ఇదే పద్ధతిలో నేర్చుకున్న ఇలాంటి పిల్లలు మామూలుగా ఎన్ని మార్కుల దగ్గర ఉంటారన్నది రెండోది. మొదటి ప్రశ్నకు సగటు ఒక్కటే పూర్తి జవాబు. రెండోదానికి సగటు ఒక అంచనా మాత్రమే. ఆ అంచనా అటూ ఇటూ ఎంత జరగవచ్చో చెప్పే కొలతను గణాంక శాస్త్రంలో విశ్వాస అంతరం అంటారు.

ఒక లెక్క చేసి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఏడో తరగతిలో తొమ్మిది మంది భిన్నాల పాఠంపై 25 మార్కుల పరీక్ష రాశారనుకుందాం. వచ్చిన మార్కులు 8, 11, 12, 14, 15, 16, 18, 19, 22. మొత్తం 135, సగటు 15.

ఒక్కొక్కరి మార్కు సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ తేడాలను వర్గం చేసి కలిపితే 150 వస్తుంది. దాన్ని పిల్లల సంఖ్య కంటే ఒకటి తక్కువతో, అంటే 8తో భాగిస్తే 18.75. దాని వర్గమూలం 4.33. ప్రామాణిక విచలనం ఇదే. ఇక్కడ 9కి బదులు 8తో భాగించడానికి కారణం ఉంది. తేడాలను ఆ పిల్లల సగటు నుంచే కొలుస్తాం కాబట్టి అవి అసలు కంటే కొంచెం చిన్నవిగా వస్తాయి. ఆ లోటును 8 సరిచేస్తుంది.

4.33 పిల్లల మధ్య ఉన్న తేడాను చెబుతుంది. సగటులోని ఊగిసలాట అంతకంటే తక్కువ. దాన్ని తెలుసుకోవడానికి 4.33ను తొమ్మిది వర్గమూలమైన 3తో భాగించాలి. వచ్చేది 1.44. దీన్ని ప్రామాణిక దోషం అంటారు. దీన్ని ఎంతతో గుణిస్తే సరైన వెడల్పు వస్తుందన్నదే చివరి మెట్టు.

పెద్ద సమూహాలకు ఆ గుణకం 1.96. చిన్న సమూహాలకు అది చాలదని గుర్తించినవాడు విలియం సీలీ గాసెట్. ఆయన డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు తయారీ సంస్థలో పనిచేసేవాడు. అక్కడి ప్రయోగాల్లో కొద్దిపాటి నమూనాలే చేతికి వచ్చేవి. 1908లో ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో ఆయన ప్రచురించిన వ్యాసం నుంచే నేటి టి-పట్టిక పుట్టింది. ఆ పట్టిక ప్రకారం తొమ్మిది మందికి, 95 శాతం స్థాయిలో, గుణకం 2.306. ఐదుగురే ఉంటే అది 2.776 అవుతుంది. 1.44ను 2.306తో గుణిస్తే 3.3 వస్తుంది. కాబట్టి అంతరం 11.7 నుంచి 18.3 వరకు. స్ప్రెడ్‌షీట్‌లో ఆ 3.3 ఒక్క వరుసతో వస్తుంది:

```
=CONFIDENCE.T(0.05, STDEV.S(A1:A9), 9)
```

ఇక్కడ `CONFIDENCE.NORM` వాడితే 1.96తో లెక్కగట్టి 2.8 ఇస్తుంది. చిన్న తరగతికి అది లేని ధైర్యం.

ఈ 95 శాతాన్ని చాలామంది పొరపాటుగా చదువుతారు. నూటికి 95 మంది పిల్లల మార్కులు ఈ హద్దుల్లో ఉంటాయని దాని అర్థం కాదు. పై తొమ్మిది మందిలోనే 11.7కు, 18.3కు మధ్య ఉన్నవారు ఐదుగురే. ఇలాంటి పిల్లల నుంచి మళ్లీ మళ్లీ తొమ్మిది మందిని తీసుకుని ప్రతిసారీ ఇలా అంతరం కడితే, నూటికి సుమారు 95 అంతరాలు అసలు సగటును తమలో ఇముడ్చుకుంటాయి. ఆ హామీ లెక్కగట్టే పద్ధతికి చెందింది, ఏ ఒక్క అంతరానికో కాదు.

ఈ అంతరం వెడల్పు 6.6 మార్కులు, అంటే పరీక్ష మొత్తం మార్కుల్లో పావు వంతుకు పైగా. ఇలాంటి పిల్లల సగటు 13 దగ్గర ఉంటుందని ఉపాధ్యాయుడి పాత అనుభవం అయితే, ఈసారి 15 వచ్చిందని కొత్త పద్ధతి ఫలించినట్టు తీర్మానించడానికి వీల్లేదు. 13 కూడా హద్దుల్లోనే ఉంది. ఫలించలేదనీ చెప్పలేం, 17 కూడా హద్దుల్లోనే ఉంది. తొమ్మిది మందితో పెట్టిన ఒక్క పరీక్ష రెండు మార్కుల తేడాను తేల్చలేదన్నదే ఇక్కడ వెడల్పు చెప్పే మాట. ఇంతే విచలనంతో 36 మంది రాసి ఉంటే వెడల్పు 2.9కి దిగేది. వెడల్పును సగం చేయాలంటే ఇంచుమించు నాలుగింతల మంది కావాలి.

వెడల్పు పెరగడానికి సంఖ్య ఒక్కటే కారణం కాదు. పై వరుసలో 8 వచ్చిన పిల్లవాడు సున్నా తెచ్చుకున్నాడనుకుంటే సగటు 14.1కి తగ్గుతుంది, అంతరం 9.3 నుంచి 19.0కి విస్తరిస్తుంది. మార్కు తగ్గినా పై హద్దు పెరగడం వింతగా కనిపిస్తుంది కానీ కారణం సూటిగానే ఉంది. ఒక్క దూరపు మార్కు విచలనాన్ని 4.33 నుంచి 6.31కి పెంచింది. చిన్న తరగతిలో అంతరం అనుకోనంత వెడల్పుగా వస్తే ముందు తీసి చూడాల్సింది ఆ ఒక్క జవాబుపత్రం. ఆ పిల్లవాడికి ప్రశ్న భాష అర్థం కాలేదా, పాఠం చెప్పిన వారం బడికి రాలేదా అన్నది సగటు కంటే విలువైన సమాచారం.

తరగతిని పెంచడం ఉపాధ్యాయుడి చేతిలో లేదు. ప్రశ్నను మార్చడం ఉంది. నెల తర్వాత అంతే కష్టమైన మరో పరీక్షలో అదే పిల్లలు అదే వరుసలో 12, 12, 15, 14, 17, 20, 19, 22, 22 తెచ్చుకున్నారనుకుందాం. కొత్త సగటు 17, దాని అంతరం సుమారు 14 నుంచి 20. పాత అంతరంతో పక్కన పెడితే రెండూ చాలా మేర ఒకదానిపై ఒకటి పడతాయి, పురోగతి తేలనట్టే ఉంటుంది. ఒక్కొక్కరి పెరుగుదలను విడిగా తీస్తే 4, 1, 3, 0, 2, 4, 1, 3, 0 వస్తాయి. వీటి సగటు 2, అంతరం 0.8 నుంచి 3.2. సున్నా ఇందులో లేదు కాబట్టి పెరుగుదల ఉందని చెప్పడానికి ఆధారం దొరికింది. పిల్లలకూ పిల్లలకూ మధ్య మొదటి నుంచీ ఉన్న తేడా ఈ లెక్కలోంచి తొలగిపోవడమే వెడల్పు తగ్గడానికి కారణం. అయితే ఆ పెరుగుదల బోధన వల్లే వచ్చిందా, రెండో పేపరు కాస్త తేలికగా ఉందా అన్నది అంతరం చెప్పదు. ప్రశ్నలు మారితే వచ్చే తేడా ఈ లెక్కలో అసలు లేదు.

మార్కులు మధ్యలో కాస్త గుమిగూడి రెండు వైపులా పలచబడితేనే టి-పట్టిక చిన్న సమూహాలకు బాగా పనిచేస్తుంది. తేలికైన పరీక్షలో ఎక్కువమంది 24, 25 దగ్గర ఇరుక్కుని, ఒకరిద్దరు 5 దగ్గర మిగిలితే లెక్క దారి తప్పుతుంది. పై హద్దు 25 దాటడం దానికి గుర్తు. పిల్లలు పక్కవాళ్లవి చూసి రాస్తే తొమ్మిది పత్రాలు తొమ్మిది సాక్ష్యాలు కావు, అంతరం ఉండాల్సిన దానికంటే ఇరుకుగా వస్తుంది. బలహీనంగా ఉన్నవారే ఆ రోజు గైర్హాజరైతే అంతరం మొత్తంగా పైకి జరిగి కూర్చుంటుంది, వెడల్పు చూసి ఆ సంగతి కనిపెట్టలేం. అందుకే అంతరం కట్టే ముందు మార్కులన్నీ ఒక గీతపై చుక్కలుగా పెట్టి చూడాలి, రాయనివారి పేర్లు పక్కనే రాసుకోవాలి.