సోఫా గుమ్మం దాటుతుందా? మెట్ల మలుపు తిరుగుతుందా?

సోఫా కొనేటప్పుడు దాని పొడవుకు గోడ సరిపోతుందా అనే చూస్తాం. కానీ అది లోపలికి వస్తుందా లేదా తేల్చేది పొడవు కాదు, అడ్డుకోత. సోఫాను పక్క నుంచి చూస్తే వెనక ఎత్తుగా వీపు, ముందు అంతకన్నా పొట్టిగా చేతులు కనిపిస్తాయి. అంటే పైభాగంలో ముందు మూల లేదు. ఆ లేని మూలే మనకు దారి ఇస్తుంది.

ఒక మామూలు ముగ్గురు కూర్చునే సోఫా తీసుకుందాం. పొడవు 84 అంగుళాలు, లోతు 36, వీపు ఎత్తు 34, చేతుల ఎత్తు 22. ఇంటి ద్వారబంధం లోపలి వెడల్పు 31న్నర. తలుపు తొంభై డిగ్రీలు తెరిచినా దాని మందం అంగుళన్నర తినేస్తుంది కాబట్టి మిగిలేది 30 అంగుళాలు. ఈ 30 అంకె బంధానికి, తెరిచిన తలుపుకి మధ్య టేపు పెట్టి కొలవాల్సిందే. బయటి నుంచి చూసి మూడడుగుల గుమ్మం అనుకుంటే మోసపోతాం.

36 గానీ 34 గానీ 30లో పట్టవు. ఇప్పుడు ఒక తిన్నని బద్దను వీపు పైఅంచు నుంచి చేతుల ముందు కొస దాకా ఆనించండి. సోఫా వెనక అడుగు మూల నుంచి ఆ బద్దకు లంబంగా ఎంత దూరమో కొలవండి. టేపును అటూ ఇటూ జరుపుతూ పోతే వచ్చే అతి తక్కువ అంకే లంబ దూరం. మన సోఫాకు అది సుమారు 32 అంగుళాలు. ఇంకా పట్టదు. అయితే కాళ్లు 4 అంగుళాలవి, మర విప్పితే వచ్చేస్తాయి. అవి తీస్తే వీపు ఎత్తు 30, చేతులు 18 అవుతాయి. లెక్క ఇలా ఉంటుంది: 30ని 36తో గుణించి, బద్ద ఆనిన పొడవుతో, అంటే దాదాపు 38తో భాగించాలి. వచ్చేది 28న్నర. గుమ్మంలో అంగుళన్నర వెసులుబాటు దొరికింది.

మోసే పద్ధతి కూడా ఆ కొలతకు తగ్గట్టే ఉండాలి. సోఫాను వీపు మీద పడుకోబెట్టి, అడుగు భాగం నేల నుంచి కాస్త లేచేలా వంచితే మనం బద్ద పెట్టిన గీత నిలువుగా వస్తుంది. ఆ గీతను ద్వారబంధం నిలువు కొయ్యకు సమాంతరంగా ఉంచి, పొడవువారీగా లోపలికి నెట్టాలి. అందుకు గుమ్మం ఎదురుగా సోఫా పొడవంత నేరుదారి ఉండాలి. లేకపోతే గుమ్మమే ఒక మలుపు అవుతుంది.

మలుపు లెక్క వేరు. రెండు వైపులా ఒకే వెడల్పున్న దారి లంబకోణంలో తిరిగితే, ఇబ్బంది అంతా సోఫా సరిగ్గా ఐమూలగా నిలిచిన క్షణంలోనే. అప్పుడు రెండు కొసలూ బయటి గోడలకు తగులుతాయి, మధ్యభాగం లోపలి మూలకు రాసుకుంటుంది. దాటాలంటే సోఫా పొడవులో సగానికి దాని వెడల్పు కలిపిన మొత్తం, దారి వెడల్పుకు 1.41 రెట్ల లోపు ఉండాలి. రైలింగు పోను మెట్ల వెడల్పు 42 అంగుళాలు అనుకుంటే హద్దు 59. వీపు మీద పడుకోబెట్టిన మన సోఫాకు 42, 30 కలిపి 72. తిరగదు. 56 అంగుళాల ఇద్దరి సోఫా అయితే 58తో ఇరుగ్గా తిరుగుతుంది.

లంబకోణపు మలుపు తిరగగల అతి పెద్ద ఆకారం ఏది అన్న ప్రశ్నను 1966లో లియో మోజర్ అనే గణితవేత్త లేవనెత్తారు. 1992లో జోసెఫ్ గెర్వర్ చూపిన వంపుల ఆకారం, ఒక యూనిట్ వెడల్పు దారిలో 2.2195 యూనిట్ల వైశాల్యం దాకా వెళ్లింది. కానీ ఆ లెక్కలో సోఫా నేలను వదలదు. మన మెట్ల దగ్గర పైన ఖాళీ ఉంది, దాన్ని వాడుకోవాలి.

ల్యాండింగ్ మీద సోఫాను నిలువుగా లేపితే నేల మీద పట్టే చోటు 36, 30 అంగుళాలే. అప్పుడు దాన్ని తిప్పనక్కర్లేదు; ముఖం మార్చకుండానే పక్కకు జరిపి రెండో మెట్ల వరస ముందుకు తెచ్చి, మళ్లీ వాల్చితే చాలు. చూడాల్సింది ఒక్కటే, లేపేటప్పుడు పైన తగులుతుందా అని. నిలబెట్టాక ఎత్తు 84 అయినా, లేపే మధ్యలో మూల నుంచి మూలకు ఉన్న కర్ణం నిలువుగా వస్తుంది: 84, 36ల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 91న్నర. ల్యాండింగ్ పై దూలం అడుగు 108 అంగుళాల ఎత్తులో ఉంటే ఇబ్బంది లేదు. కొలత శ్లాబు దాకా కాదు, అన్నిటికన్నా కిందికి దిగిన దూలం దాకా తీయాలి. ఫ్యాను, ట్యూబ్‌లైటు ఉంటే వాటి దాకా.

మెత్తలు నొక్కుకుంటాయన్న ధీమాతో అంగుళాలు తగ్గించి లెక్కవేయకండి. అడ్డం పడేది లోపలి చెక్క చట్రం, అది నొక్కుకోదు. మోసేవారి వేళ్లకు కూడా ఒక్కో వైపు అర అంగుళం కావాలి. అంగుళం కన్నా తక్కువ తేడా వస్తే తలుపును బందుల నుంచి విప్పించండి, అంగుళన్నర తిరిగి వస్తుంది. అప్పటికీ చాలకపోతే చేతులు విడిగా ఊడివచ్చే సోఫా చూడండి. అడ్వాన్సు ఇచ్చే ముందే దుకాణంలో బద్ద పెట్టి ఆ ఏటవాలు కొలత తీసుకోండి. కేటలాగులో పొడవు, లోతు, ఎత్తు ఇస్తారు గానీ ఈ అంకె చాలావాటిలో ఉండదు.