కార్డు మీద అంకె, కార్డు లోపల చోటు

64 జీబీ అని ముద్రించిన పెన్ డ్రైవ్‌ను విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే 58, 59 జీబీలే కనిపిస్తాయి. తక్కినది ఎక్కడికి పోయిందని చాలామంది దుకాణదారుతో గొడవ పడతారు. అందులో మోసమేమీ లేదు. తయారీదారు లెక్కలో ఒక జీబీ అంటే నూరు కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో ఒక జీబీ అంటే 1024 × 1024 × 1024, అంటే 107 కోట్ల పైచిలుకు బైట్లు. 6,400 కోట్ల బైట్లను ఈ పెద్ద కొలతతో కొలిస్తే 59.6 వస్తుంది. ఫైళ్ల పట్టికకూ, డ్రైవ్ సొంత అవసరాలకూ మరికొంత పోతుంది. అదే లెక్కన 128 జీబీది 119 గాను, ఒక టీబీది 931 జీబీ గాను కనిపిస్తుంది. ఆపిల్ మ్యాక్ తయారీదారు లెక్కనే వాడుతుంది కాబట్టి దానిలో ఈ తేడా కనపడదు.

ఈ తరుగును చూసి బెంగపడేవాళ్లు అసలు భయపడాల్సిన చోట నిశ్చింతగా ఉంటారు. నకిలీ కార్డు కూడా 128 జీబీకి సరిగ్గా 119 చూపిస్తుంది. లోపల ఉన్నది 16 జీబీయో, 8 జీబీయో అయినా సరే, స్క్రీన్ మీద అంకెలో ఏ లోపమూ ఉండదు.

దీనికి కారణం కార్డు నిర్మాణంలోనే ఉంది. మెమరీ కార్డులోనూ పెన్ డ్రైవ్‌లోనూ ముఖ్యంగా రెండు భాగాలు ఉంటాయి. సమాచారం నిలవుండేది ఫ్లాష్ చిప్. దానికీ కంప్యూటర్‌కీ మధ్య నిలబడి పని చేసేది కంట్రోలర్. ఇది గోదాముకు గుమాస్తా లాంటిది. యజమాని లోపలికి వెళ్లి చూడడు, ఎన్ని బస్తాలు పడతాయో గుమాస్తాను అడిగి తెలుసుకుంటాడు. కంప్యూటర్ కూడా అంతే, నీ కెపాసిటీ ఎంత అని కంట్రోలర్‌ను అడిగి, అది చెప్పిన అంకెనే మనకు చూపిస్తుంది. నకిలీలు చేసేవాళ్లు చిన్న చిప్ కొని, దాని కంట్రోలర్‌లోని ప్రోగ్రామ్‌ను మార్చి, పెద్ద అంకె చెప్పేలా చేస్తారు. ఫార్మాట్ చేసినా ఈ అబద్ధం పోదు, ఎందుకంటే ఫార్మాట్ చేసేటప్పుడు కూడా కంప్యూటర్ ఆ కంట్రోలర్ మాటనే నమ్ముతుంది.

మరి చిప్ నిండిపోయాక వచ్చే ఫైళ్లు ఏమవుతాయి? కొన్ని నకిలీలు వాటిని తీసుకున్నట్టే తీసుకుని ఎక్కడా రాయకుండా వదిలేస్తాయి. కొన్ని మళ్లీ మొదటికి వచ్చి, పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తాయి. రెండు రకాల్లోనూ కాపీ పూర్తయిందనే సందేశమే వస్తుంది. ఫైళ్ల పేర్లు, సైజులు రాసే పట్టిక సాధారణంగా డ్రైవ్ మొదటి భాగంలో ఉంటుంది. ఆ భాగం నిజమైన చిప్‌లోనే పడుతుంది కాబట్టి పేర్లన్నీ చక్కగా కనిపిస్తాయి. ఫోన్ గ్యాలరీ చిన్న బొమ్మలను విడిగా తన దగ్గర దాచుకుంటుంది కాబట్టి ఫొటోలూ ఉన్నట్టే అనిపిస్తాయి. ఒక రోజు ఫొటో తెరిస్తే సగం బూడిదరంగు పలక, వీడియో తెరిస్తే ఆడదు. కొన్న నెలలకు ఇది బయటపడుతుంది, అప్పటికి ఫోన్‌లోని అసలు ఫొటోలు చెరిపేసి ఉంటారు. అందుకే కార్డు కొన్న రోజునే, ఒక్క ఫైలు కూడా పెట్టకముందే పరీక్షించాలని పట్టుబట్టి చెబుతున్నాను.

నమ్మదగిన పరీక్ష ఒక్కటే: డ్రైవ్‌ను అంచుదాకా నింపి, నింపినదంతా తిరిగి చదివి, పోల్చి చూడటం. విండోస్‌లో ఈ పని చేసే ఉచిత ప్రోగ్రామ్ H2testw. జర్మనీ కంప్యూటర్ పత్రిక `c't` కోసం హరాల్డ్ బోగెహోల్ట్స్ దీన్ని రాశాడు. పాతదే అయినా ఇప్పటికీ దీన్నే ముందుగా సిఫార్సు చేస్తాను. తెరవగానే భాష ఇంగ్లిష్‌కు మార్చుకుని, `Select target` నొక్కి డ్రైవ్‌ను ఎంచుకుని, `all available space` ఉంచి, `Write + Verify` నొక్కాలి. అది ఒక్కో జీబీ చొప్పున `1.h2w`, `2.h2w` అంటూ ఫైళ్లు రాసుకుంటూ పోతుంది, తర్వాత వాటిని చదివి సరిచూస్తుంది. డ్రైవ్ ఖాళీగా ఉండాలి. నకిలీదైతే కొత్త రాత పాత ఫైళ్ల మీద పడే ప్రమాదం ఉంది కాబట్టి, అందులో ఏమైనా ఉంటే ముందే వేరేచోటికి తీసేయాలి. ఒకటి రెండు ఎంబీలు పరీక్షకు అందలేదని మొదట్లో హెచ్చరిక వస్తే పట్టించుకోనక్కర్లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 128 జీబీ అని రాసిన కార్డు, విండోస్‌లో 119 చూపిస్తోంది. సెకనుకు 12 ఎంబీ వేగంతో రాస్తే అంతా నిండటానికి సుమారు రెండు గంటల యాభై నిమిషాలు, 20 ఎంబీ వేగంతో చదవటానికి మరో గంటా నలభై నిమిషాలు పడుతుంది. సాయంత్రం మొదలుపెట్టి వదిలేస్తే పడుకునే వేళకు ఫలితం వస్తుంది. కార్డు మంచిదైతే `Test finished without errors` అని కనిపిస్తుంది. లోపల ఉన్నది 16 జీబీ చిప్ అయితే ఇలాంటి వరుసలు వస్తాయి:

```
The media is likely to be defective.
14.5 GByte OK
104.6 GByte DATA LOST
Writing speed: 12.0 MByte/s
```

ఇందులో రెండో వరుసే మీరు డబ్బు పెట్టి కొన్న అసలు చోటు. 16 జీబీ చిప్ విండోస్ లెక్కలో 14.9కి మించదు కదా, ఆ అంకెకు ఇది దగ్గరగా ఉండటమే చిప్ సంగతి చెప్పేస్తుంది. అలాకాకుండా 118 జీబీ బాగుండి ఏ కొద్ది ఎంబీలో పోయాయని వస్తే అది నకిలీ కాకపోవచ్చు, చిప్‌లో చెడిన చోట్లు ఉన్నాయని అర్థం. రీడర్‌నో, పోర్టునో మార్చి ఇంకోసారి చూడండి. మళ్లీ అదే వస్తే ఆ కార్డునూ వెనక్కి ఇవ్వాల్సిందే.

లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ ఇదే పనికి మిషెల్ మచాడో రాసిన F3 ఉంది. డ్రైవ్ ఉన్న దారి ఇచ్చి రెండు ఆదేశాలు నడిపితే చాలు:

```
f3write /media/card
f3read /media/card
```

రెండింటి మధ్య డ్రైవ్‌ను ఒకసారి తీసి మళ్లీ పెట్టండి. అలా చేయకపోతే, ఇప్పుడే రాసినదాన్ని కంప్యూటర్ తన జ్ఞాపకంలోంచే తిరిగి ఇచ్చి, కార్డులో ఉన్నట్టు భ్రమ కలిగించవచ్చు.

అన్ని గంటలు ఆగలేనివాళ్లకు స్టీవ్ గిబ్సన్ తయారుచేసిన ValiDrive ఉంది. విండోస్‌లో నడుస్తుంది. యూఎస్‌బీ ద్వారా తగిలించిన డ్రైవ్‌లో అటూ ఇటూ 576 చోట్ల రాసి, చదివి, అక్కడున్నదాన్ని మళ్లీ యథాస్థానంలో పెడుతుంది. కెపాసిటీ అబద్ధాన్ని త్వరగానే పట్టేస్తుంది, కానీ అన్ని గడులనూ తాకదు కాబట్టి మధ్యలో చెడిన చోటు తప్పించుకోవచ్చు. పెళ్లి వీడియోల లాంటి, మళ్లీ తీయలేనివాటి కోసం కొన్న కార్డుకు పూర్తి పరీక్షే చేయండి.

ఇంట్లో ఫోన్ తప్ప కంప్యూటర్ లేనివాళ్లకు కూడా ఒక దారి ఉంది. పెద్ద వీడియో ఒకదాన్ని పేర్లు మార్చి మార్చి కార్డు నిండేదాకా కాపీ చేయండి. ఫోన్ ఆపి, కార్డు తీసి మళ్లీ పెట్టండి. ఇప్పుడు మొదట్లో పెట్టినవి, మధ్యలోవి, చివరివి తెరిచి, ప్రతిదాన్నీ ముందుకు జరుపుతూ ఆఖరిదాకా ఆడించండి. ఒకే వీడియో కాపీలైతే మాత్రం ఒకదాని మీద ఒకటి పడినా పైకి తెలియకపోవచ్చు. అందుకని వేర్వేరు వీడియోలు వీలైనన్ని కలిపితే మేలు. ఇది కొంత మోటు పద్ధతి, అయినా 16 జీబీని 128 అని అమ్మినదాన్ని పట్టుకోగలదు.

ఇక వేగం. ఇక్కడ నకిలీలకన్నా అసలైన కార్డుల మీది అంకెలే ఎక్కువమందిని తికమకపెడుతున్నాయి. కార్డు మీద పెద్ద అక్షరాలతో కనిపించే సెకనుకు 100, 150 ఎంబీ మామూలుగా చదివే వేగం, అదీ గరిష్ఠం. కెమెరాకు కావలసింది రాసే వేగం, అదీ ఎప్పుడూ తగ్గకూడని కనిష్ఠం. ఆ హామీ చిన్న గుర్తుల్లో ఉంటుంది. ఆంగ్ల సీ అక్షరం లోపల 10, యూ లోపల 1, పక్కన వీ10, ఈ మూడూ చెప్పేది ఒకటే: రాసే వేగం సెకనుకు 10 ఎంబీకి తగ్గదని. యూ లోపల 3 ఉన్నా, వీ30 అని ఉన్నా 30 ఎంబీకి తగ్గదని. వీ60, వీ90లకూ అదే లెక్క. యాప్‌లు కార్డులోనే పెట్టుకునేవాళ్లు ఏ1, ఏ2 గుర్తులు చూడాలి. అవి చిన్న చిన్న ముక్కలను ఎంత చురుగ్గా చదివి రాస్తుందో చెబుతాయి.

ఏది సరిపోతుందో చూద్దాం. 4కే వీడియోను కెమెరా సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తుందనుకోండి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి అది 12.5 ఎంబీ. వీ10 కార్డు హామీ దీనికి చాలదు, రికార్డింగ్ మధ్యలో ఆగిపోవచ్చు. వీ30 నిశ్చింతగా సరిపోతుంది. ఆ కెమెరాకు వీ90 కొనడం డబ్బు వృథా.

H2testw చివరి వరుసల్లో వచ్చే `Writing speed` ఈ హామీకి మంచి కొలత. వీ30 కార్డు 12 చూపిస్తే ముందు రీడర్‌ను అనుమానించండి. యూఎస్‌బీ 2.0 రీడర్ ఎంత మంచి కార్డునైనా 30, 40 ఎంబీ దగ్గరే ఆపేస్తుంది. యూఎస్‌బీ 3.0 రీడర్‌లోనూ 12 దాటకపోతే లోపం కార్డుదే.

పెన్ డ్రైవ్‌కు ఇలాంటి గుర్తులేవీ లేవు. యూఎస్‌బీ 3 అన్నది దారి ఎంత వెడల్పో చెబుతుంది తప్ప, లోపలి చిప్ ఎంత వేగంగా రాస్తుందో చెప్పదు. చాలా డ్రైవ్‌లు మొదటి ఒకటి రెండు జీబీలు జోరుగా తీసుకుని, తర్వాత 10, 15 ఎంబీకి పడిపోతాయి. దుకాణంలో చిన్న ఫైలు కాపీ చేసి చూపిస్తే అది వేగపరీక్ష కాదు. డ్రైవ్ మొత్తం నింపినప్పుడు వచ్చే సగటే అసలు వేగం.

పరీక్షలో తేలిపోయిన డ్రైవ్ విషయంలో ఆలస్యం చేయకండి. ఫలితాన్ని ఫొటో తీసి, బిల్లు జతచేసి, వెనక్కి తీసుకునే గడువు దాటకముందే దుకాణానికో ఆన్‌లైన్ అమ్మకందారుకో పంపండి. వాళ్లు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అప్పటికే అందులో ఫొటోలు పెట్టి ఉంటే, ఇంకేమీ రాయకుండా, తెరుచుకునేవన్నీ వెంటనే వేరేచోటికి కాపీ చేసుకోండి. చిప్ పరిమితి దాటాక రాసినవి ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి, పోయిన ఫైళ్లు తెచ్చిస్తామనే ప్రోగ్రామ్‌లకు డబ్బు కట్టినా అవి రావు. F3తో వచ్చే `f3fix` వాడి డ్రైవ్‌ను దాని నిజమైన 14 జీబీకి కుదించుకునే వీలు ఉంది గానీ, అలాంటి చిప్ నాణ్యత మీద నాకు నమ్మకం లేదు. పాటలు వినడానికి కారులో పెట్టుకోండి, పిల్లల ఫొటోలు మాత్రం అందులో దాచకండి.