వంటసోడా నీళ్లలో కరిగి, ఆమ్లం పోస్తే మళ్లీ గడ్డకట్టే బెంజోయిక్ ఆమ్లం

బెంజోయిక్ ఆమ్లం తెల్లగా, మెరిసే పలుకుల్లా ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు మంచినీళ్లలో అది 3.4 గ్రాముల దాకా మాత్రమే కరుగుతుంది. అంతకు మించి ఎంత వేసినా, ఎంతసేపు కలిపినా గాజు బీకరు అడుగున, కొంత నీటి పైన తెట్టులా, అలాగే మిగిలిపోతుంది. అదే పొడిని వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్, కలిపిన నీళ్లలో వేస్తే సన్నని బుడగలు పైకి లేస్తాయి, కాసేపటికి పొడి మాయమై ద్రావణం తేటపడుతుంది. ఆ తేట ద్రావణంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే తెల్లని ముద్ద మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఈ మూడు దశల్లోనూ అణువులోని బెంజీన్ వలయం చెక్కుచెదరదు. అణువు ఒక ప్రోటాన్‌ను వదులుకోవడం, తిరిగి తీసుకోవడం, జరిగేదంతా ఇంతే.

ముందుగా నీళ్ల సంగతి. బెంజోయిక్ ఆమ్లం అణువుకు రెండు భాగాలున్నాయి. ఒకవైపు ఆరు కార్బన్ల బెంజీన్ వలయం, రెండోవైపు కార్బాక్సిల్ సమూహం, అంటే COOH. ఈ రెండో భాగానికి నీటితో పొత్తు కుదురుతుంది, హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లంలో ఉన్నదీ ఇదే సమూహం. దాని వెనక ఉన్నది ఒకే ఒక్క కార్బన్ కాబట్టి ఎసిటిక్ ఆమ్లం నీటిలో ఎంతైనా కలిసిపోతుంది. బెంజోయిక్ ఆమ్లంలో మాత్రం వెనక పెద్ద వలయం ఉంది. నీటి అణువులు తమలో తాము గట్టిగా అల్లుకుని ఉంటాయి. వలయానికి చోటివ్వాలంటే అవి సర్దుకోవాలి, కానీ అందుకు బదులుగా వలయం నుంచి వాటికి దక్కే ఆకర్షణ చాలా తక్కువ. పైగా స్ఫటికంలో బెంజోయిక్ ఆమ్లం అణువులు ఒంటరిగా ఉండవు. రెండేసి అణువులు కార్బాక్సిల్ కొసలను ఎదురెదురుగా పెట్టుకుని, రెండు హైడ్రోజన్ బంధాలతో జతకట్టి ఉంటాయి. నీటిని ఇష్టపడే కొసలు ఆ జత మధ్యలోనే దాగిపోతాయి, వలయాలు బయటికి ఉంటాయి. ఈ జతను విడదీసి అణువులను ఒక్కొక్కటిగా లాక్కోవడం చల్లటి నీటికి సులువైన పని కాదు. మరిగే నీటిలో మాత్రం లీటరుకు 50 గ్రాములకు పైగానే కరుగుతుంది, చల్లారిస్తే చాలావరకు మళ్లీ పలుకులుగా బయటపడుతుంది.

ఇది ఆమ్లం కదా, నీటిలో అయాన్లుగా విడిపోయి కరగవచ్చు కదా అన్న సందేహం సహజం. విడిపోతుంది కానీ కొంచెమే. సంతృప్త ద్రావణంలో కరిగిన ప్రతి నూరు అణువుల్లో ఐదు మాత్రమే ప్రోటాన్‌ను వదులుతాయి, మిగతా తొంభై అయిదు అలాగే ఉంటాయి. ప్రోటాన్‌ను అందుకోవడంలో నీరు చాలా బలహీనమైనది. ఆ పని చేయగల మరొకటి నీటిలో ఉండాలి. వంటసోడా నుంచి వచ్చే బైకార్బొనేట్ అయాన్ సరిగ్గా ఆ పనే చేస్తుంది.

C₆H₅COOH + NaHCO₃ → C₆H₅COONa + H₂O + CO₂

కుడివైపు మొదట ఉన్నది సోడియం బెంజోయేట్. 100 మిల్లీలీటర్ల నీటిలో అది 50 గ్రాములకు పైగా కరుగుతుంది, అంటే బెంజోయిక్ ఆమ్లం కంటే నూరు రెట్లకు మించి. వలయం అదే, దాని పరిమాణమూ అదే. తేడా ఒక్క రుణావేశంలోనే ఉంది. ఆవేశం ఉన్న కొస చుట్టూ నీటి అణువులు ఎంత గట్టిగా చేరతాయంటే, వలయం వల్ల పడే ఇబ్బంది లెక్కలోకి రాదు. జతకట్టడానికి కావలసిన హైడ్రోజన్ కూడా ఇప్పుడు లేదు.

వంటసోడా బలమైన క్షారమేమీ కాదు. మరి అది ఎలా చాలింది? ఆమ్లాల బలాన్ని పీకేఏ అనే అంకెతో చెబుతారు. అంకె ఎంత చిన్నదైతే ఆమ్లం అంత తేలికగా ప్రోటాన్‌ను వదులుతుంది. బెంజోయిక్ ఆమ్లానికి ఇది 4.2. బైకార్బొనేట్ ప్రోటాన్‌ను తీసుకుంటే తయారయ్యే కార్బోనిక్ ఆమ్లానికి సుమారు 6.35. బెంజోయిక్ ఆమ్లమే బలమైనది కాబట్టి ప్రోటాన్ దాని నుంచి బైకార్బొనేట్ వైపు వెళుతుంది. రెండు అంకెల మధ్య తేడాను బట్టి లెక్కిస్తే ఈ చర్య సమతాస్థిరాంకం 140 దాకా వస్తుంది, అంటే మొగ్గు స్పష్టంగా కుడివైపే. దానికి తోడు కార్బోనిక్ ఆమ్లం నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. వాయువు బుడగలై గాలిలో కలిసిపోతుంది కాబట్టి చర్య వెనక్కి మళ్లే అవకాశం ఇంకా తగ్గుతుంది.

అదే కార్బోలిక్ ఆమ్లంగా పేరున్న ఫినాల్‌ను తీసుకుంటే దాని పీకేఏ 10. కార్బోనిక్ ఆమ్లం కంటే అదే బలహీనమైనది కనుక వంటసోడా దాన్ని కదిలించలేదు, కాస్టిక్ సోడా కావాలి. ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌లో బైకార్బొనేట్ పరీక్షతో కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని ఫినాల్ నుంచి వేరుగా గుర్తించేది ఈ తేడాతోనే. అయితే బుడగలు వస్తే అది కచ్చితంగా కార్బాక్సిలిక్ ఆమ్లమే అనుకోకూడదు. మూడు నైట్రో సమూహాలున్న పిక్రిక్ ఆమ్లం కూడా ఫినాల్ జాతిదే, కానీ బలమైన ఆమ్లం కాబట్టి అదీ బుడగలు తెప్పిస్తుంది.

ఇక ఆమ్లాన్ని తిరిగి రాబట్టే పద్ధతి. 1.22 గ్రాముల బెంజోయిక్ ఆమ్లంలో ఒక గ్రాము నాఫ్తలీన్, అంటే బట్టల పెట్టెల్లో వేసే కలరా ఉండల పొడి, కలిసిపోయిందనుకుందాం. రెండూ తెల్లగానే ఉంటాయి, చేత్తో ఏరడం అయ్యే పని కాదు. 1.22 గ్రాములు ఒక మోల్‌లో నూరో వంతు. దానికి సరిపడే వంటసోడా 0.84 గ్రాములు. కాస్త ఎక్కువగా ఒక గ్రాము తీసుకుని 20 మిల్లీలీటర్ల నీటిలో కరిగిస్తారు. మిశ్రమాన్ని మెత్తగా నూరి ఈ ద్రావణంలో కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతారు. మొత్తం మీద పావు లీటరుకు దగ్గరగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అందువల్ల చిన్న బీకరైతే నురగ పొంగి పొర్లిపోతుంది. బుడగలు పూర్తిగా ఆగేదాకా కలపాలి. నూరడంలో బద్ధకిస్తే నాఫ్తలీన్ ముద్దల లోపల చిక్కుకున్న ఆమ్లానికి ద్రావణం అందదు. ప్రయోగశాలల్లో మిశ్రమాన్ని ముందు ఈథర్‌లో కరిగించి, వేర్పాటు గరాటులో వంటసోడా ద్రావణంతో కుదిపేది ఈ ఇబ్బందిని తప్పించడానికే. కాకపోతే అక్కడ మూసిన గరాటులో వాయువు పేరుకుని బిరడాను ఎగరగొట్టగలదు, అందుకే మాటిమాటికీ కుళాయి తిప్పి వాయువును వదులుతుండాలి.

వడపోస్తే నాఫ్తలీన్ కాగితం మీద మిగులుతుంది. కాగితాన్ని 5 మిల్లీలీటర్ల నీటితో కడిగి, ఆ నీటినీ వడపోసిన ద్రావణంలోనే కలుపుతారు. ఇప్పుడు 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వేయాలి. మొదట్లో చుక్క పడిన చోట తెల్లని మబ్బులా కనిపించి, కలపగానే మాయమవుతుంది. నురగ కూడా వస్తుంది. మిగులు వంటసోడా ఇంకా ఉండటమే దీనికి కారణం, వేసిన ఆమ్లంలో కొంత దానికే ఖర్చవుతుంది. అది అయిపోయాక బెంజోయేట్ అయాన్ల వంతు. అవి ప్రోటాన్‌ను తీసుకుని మళ్లీ బెంజోయిక్ ఆమ్లంగా మారతాయి. నీటిలో ఇమడలేని ఆ అణువులు మళ్లీ జతకట్టి స్ఫటికాలుగా విడిపోతాయి. అలా మొదలైన తెల్లదనం ఇక కరగదు, కాసేపటికి బీకరంతా పెరుగు తోడుకున్నట్టు చిక్కబడుతుంది. సోడియం, క్లోరైడ్ అయాన్లు మామూలు ఉప్పుగా నీటిలోనే ఉండిపోతాయి.

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ముద్ద కనిపించగానే, నీలి లిట్మస్ కాస్త ఎర్రబారగానే పని అయిపోయిందని ఆపేస్తారు. పీహెచ్ 4.2 దగ్గర, కరిగి ఉన్న భాగంలో ఆమ్లమూ బెంజోయేటూ సరిసమానంగా ఉంటాయి. అక్కడి నుంచి పీహెచ్ ఒక్క అంకె పెరిగితే బెంజోయేట్ పది రెట్లవుతుంది, ఒక్క అంకె తగ్గితే పదో వంతుకు పడిపోతుంది. పై ఉదాహరణలో పీహెచ్ 5కి కాస్త పైన ఉండగానే తెల్లదనం మొదలవుతుంది. 5 దగ్గర ఆపేస్తే లెక్క ప్రకారం 1.22 గ్రాముల్లో సగానికి పైగా ఇంకా ద్రావణంలోనే ఉంటుంది, చాలావరకు బెంజోయేట్‌గా. దాన్ని వడపోసి పారబోస్తే సగం సరుకు తూముపాలు. అందుకే లిట్మస్‌ను నమ్ముకోకుండా పీహెచ్ కాగితంతో చూస్తూ 2 వచ్చేదాకా ఆమ్లం వేయాలి. ఇందుకు మొత్తం 6 మిల్లీలీటర్లు, ఆపైన ఇంకొద్దిగా పడుతుంది. సందేహముంటే వడపోసిన ద్రావణంలో మరో రెండు చుక్కల ఆమ్లం వేసి చూడవచ్చు. మళ్లీ తెల్లబడితే ముందు వేసింది చాలలేదన్నమాట.

ఎంత జాగ్రత్తపడినా మొత్తం వెనక్కి రాదు, ఎందుకంటే బెంజోయిక్ ఆమ్లం నీటిలో బొత్తిగా కరగని పదార్థం కాదు. చివరికి పోగయ్యే 31 మిల్లీలీటర్ల నీటిలో, 25 డిగ్రీల దగ్గర 0.1 గ్రాము నిలిచిపోతుంది. బీకరును మంచుముక్కల్లో ఉంచితే ఆ నష్టం సగానికి తగ్గుతుంది. మొదట్లో 20 మిల్లీలీటర్ల బదులు 200 మిల్లీలీటర్ల నీరు వాడి ఉంటే, 25 డిగ్రీల దగ్గరే వడపోస్తే, సగానికి పైగా ఆమ్లం నీటిలోనే పోయేది. ముద్దను కడగడానికీ మంచు నీళ్లే, అదీ కొంచెమే వాడాలి. ఆరిన పొడి 122 డిగ్రీల దగ్గర చటుక్కున కరిగితే అది స్వచ్ఛమైనది. అంతకంటే తక్కువలో, పది డిగ్రీల మేర సాగుతూ కరిగితే నాఫ్తలీన్ ఇంకా వదలలేదని అర్థం.

ఈ కిటుకు పాతదే. పూర్వం ఆగ్నేయాసియా నుంచి వచ్చే సాంబ్రాణి బంకను వేడి చేసి, పైకి లేచిన ఆవిరిని చల్లబరిచి బెంజోయిక్ ఆమ్లాన్ని సేకరించేవారు. స్వీడన్ రసాయనవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే 1775లో బంకను సున్నంతో ఉడకబెట్టి, కరిగిన కాల్షియం లవణాన్ని వడపోసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో బెంజోయిక్ ఆమ్లాన్ని రాబట్టాడు. వంటసోడా స్థానంలో సున్నం, నాఫ్తలీన్ స్థానంలో బంక అంతే తేడా.

పళ్లరసాలు, స్క్వాష్‌లు పాడవకుండా కలిపే సోడియం బెంజోయేట్ విషయంలోనూ ఇదే లెక్క పనిచేస్తుంది. పులుపున్న రసంలో అది బెంజోయిక్ ఆమ్లంగా మారుతుంది. సూక్ష్మజీవుల పొర దాటి లోపలికి వెళ్లగలిగేది ఆవేశం లేని ఆ రూపమే. అందువల్ల పులుపు లేని పానీయంలో బెంజోయేట్ వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. నిమ్మరసంలోనో సిట్రిక్ ఆమ్లం పాకంలోనో పొడిని నేరుగా గుమ్మరిస్తే, పడిన చోట గాఢత పెరిగి బెంజోయిక్ ఆమ్లం తెల్లని ఉండలు కడుతుంది, అవి తొందరగా కరగవు. బెంజోయేట్‌ను ముందుగా కొద్ది నీళ్లలో విడిగా కరిగించుకుని, రసాన్ని కలుపుతూ అందులో పోయాలి.