పద్నాలుగో రోజు అందరికీ ఒకటి కాదు

లక్ష్మికి ఇరవై ఏడేళ్లు, రవికి ముప్పై ఒకటి. ఖమ్మంలో కాపురం. మనుషులు కల్పితమే గానీ, పిల్లల కోసం మొదటిసారి డాక్టరు దగ్గరికి వెళ్లే చాలా జంటల కథ ఇలాగే ఉంటుంది. పద్నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నారు. నెలనెలా తేదీ దాటగానే ఆశ పుట్టడం, మూడో రోజుకల్లా అది పోవడం లక్ష్మికి అలవాటైపోయింది. అత్తగారు మాత్రం "కోడల్ని ఒకసారి చూపించరా" అని పోరుతూనే ఉంది.

అలా చూపించడం అప్పటికే ఒకసారి అయింది. ఊళ్లో ఒక ల్యాబులో నెలసరి మొదలైన ఇరవై ఒకటో రోజున ప్రొజెస్టిరాన్ పరీక్ష చేయించుకుంది. తక్కువగా వచ్చింది. "అండం విడుదల కావట్లేదట" అని ఎవరో అనేసరికి లోపం తనదేనని లక్ష్మి తీర్మానించేసుకుంది.

ఈసారి డాక్టరు ఇద్దర్నీ రమ్మంది. రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి, "నెలసరి ఎన్ని రోజులకోసారి వస్తుందమ్మా?" అని అడిగింది.

"ముప్పై అయిదు రోజులకండీ. ఒక రోజు అటూ ఇటూ."

డాక్టరు క్యాలెండరు తీసి వెనక నుంచి లెక్కపెట్టింది. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు. ఇరవై ఎనిమిది రోజుల నెలసరైతే అది పద్నాలుగో రోజున పడుతుంది. లక్ష్మికి దాదాపు ఇరవై ఒకటో రోజు. ప్రొజెస్టిరాన్ పెరిగేది అండం విడుదలయ్యాక. వారం తర్వాత, అంటే ఇరవై ఎనిమిదో రోజున తీయాల్సిన రక్తం వారం ముందే తీశారు. తక్కువ రాక ఏమవుతుంది?

పక్కింటావిడ చెప్పిన పద్నాలుగో రోజు లెక్క పట్టుకుని ఈ జంట ఆ ఒకటి రెండు రోజులే కలుస్తున్నారు. విడుదలైన అండం బతికేది ఒక్క రోజు. వీర్యకణాలు మాత్రం లోపల అయిదు రోజుల దాకా ఉండగలవు. కాబట్టి గర్భం వచ్చే అవకాశం ఉన్నది అండం విడుదలయ్యే రోజు, దాని ముందు అయిదు రోజులు. "పదిహేనో రోజు నుంచి ఇరవై రెండో రోజు దాకా రోజు విడిచి రోజు కలవండి. చాలు" అంది డాక్టరు. లక్ష్మికి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర రాసింది. అది గర్భం రావడానికి కాదు, వచ్చే బిడ్డ వెన్నుపాము సరిగా ఏర్పడటానికి.

తర్వాత రవి వైపు తిరిగింది. "మీ పరీక్ష రిపోర్టు ఏది బాబూ?"

"నాకెందుకండీ? నాకే ఇబ్బందీ లేదు."

చాలామంది మగవాళ్లు అనే మాటే ఇది. దాంపత్యం బాగానే సాగుతున్నా వీర్యంలో కణాలు తక్కువ ఉండొచ్చు, పైకి తెలియదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపూ ఏదో ఒక కారణం ఉంటుంది. పైగా ఈ పరీక్షకు సూది లేదు, నొప్పి లేదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి, ల్యాబు ఇచ్చిన డబ్బాలోనే నమూనా ఇవ్వాలి. ఇంటి నుంచి తెస్తే గంటలోపు అందించాలి. మొదట్లో కొంచెం ఒలికిపోయినా చెప్పాలి, ఎందుకంటే కణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనే.

రవి రిపోర్టులో మిల్లీలీటరుకు తొంభై లక్షల కణాలు వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కనీస ప్రమాణం కోటీ అరవై లక్షలు. రవి ముఖం చిన్నబోయింది. "ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా?" అని డాక్టరు అడిగితే, రెండు నెలల కింద డెంగీతో ఆసుపత్రిలో చేరిన సంగతి బయటపడింది. కణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఈరోజు నమూనాలో ఉన్నవి ఆ జ్వరం రోజుల్లో తయారవుతున్నవే. అందుకే ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరు. సిగరెట్లు మానేసి మూడు నెలలాగి మళ్లీ చేయించమంది. అప్పుడూ తగ్గితే హార్మోన్లు, వరికోసీల్ లాంటివి వెతకాలి.

గర్భనాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్.ఎస్.జి. ఎక్స్‌రేను అప్పటిదాకా ఆపింది. లక్ష్మికి గతంలో క్షయ గానీ, పొత్తికడుపు ఆపరేషన్ గానీ, ఇన్ఫెక్షన్ గానీ ఉండుంటే దాన్ని ముందే చేసేది.

ఇరవై ఎనిమిదో రోజున తీసిన రక్తంలో ప్రొజెస్టిరాన్ 11 వచ్చింది. 3 దాటితే అండం విడుదలైనట్టే. మూడు నెలల తర్వాత రవి సంఖ్య రెండు కోట్ల ఎనభై లక్షలు. గర్భం ఇంకా రాలేదు. అన్నీ బాగున్నా ఏ ఒక్క నెలా ఖాయం కాదు. మరో మూడు నెలలు చూసి, అప్పటికీ రాకపోతే ఎక్స్‌రే తీయాలన్నది ఇప్పుడు వాళ్ల ముందున్న దారి.

ముప్పై అయిదేళ్లలోపు స్త్రీ అయితే ఏడాది చూశాక, అవి దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవాలి. నెలసరి క్రమం తప్పుతుంటే ఆ మాత్రం కూడా ఆగనక్కర్లేదు. వెళ్లేటప్పుడు గత ఆరు నెలసరుల తేదీలు రాసుకుని, ఇద్దరూ కలిసి వెళ్లాలి.