లాగ్ స్కేల్ గ్రాఫ్ స్క్రీన్‌షాట్ నుంచి అసలు నంబర్లు చదవడం ఎలా? ఇయర్‌ఫోన్ గ్రాఫ్‌తో స్టెప్ బై స్టెప్

ఇయర్‌ఫోన్స్ కొనే ముందు ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గ్రాఫ్ చూడటం నాకు అలవాటు. పోయిన ఏడాది మూడు వేల లోపు ఒక వైర్డ్ ఇయర్‌ఫోన్ నచ్చింది. దాని గ్రాఫ్‌లో కుడివైపు ఒక పదునైన శిఖరం కనిపించింది. 1k గీతకి, 10k గీతకి మధ్య దూరంలో దాదాపు ఐదింట నాలుగు వంతుల దగ్గర ఉంది కాబట్టి, "ఆఁ, ఇది ఎనిమిది కిలోహెర్ట్జ్" అనుకున్నాను. ఇయర్‌ఫోన్స్‌ని కొలిచే 711 కప్లర్‌లో ఎనిమిది కిలోహెర్ట్జ్ దగ్గర ఆ పరికరం వల్లే ఒక శిఖరం వస్తుందని తెలుసు. అందుకే దాన్ని పట్టించుకోకుండా ఆర్డర్ పెట్టేశాను.

చెవిలో పెట్టుకున్న మొదటి రోజే తేడా తెలిసిపోయింది. పాటలో ‘స’, ‘ష’ వచ్చిన ప్రతిచోటా సూదితో గుచ్చినట్టు ఉంది. రిటర్న్ గడువు అయిపోయాక తీరిగ్గా కూర్చుని అదే స్క్రీన్‌షాట్‌ని పిక్సెల్స్ లెక్కన చదివాను. శిఖరం ఉన్నది ఎనిమిది దగ్గర కాదు, ఆరుంపావు కిలోహెర్ట్జ్ దగ్గర! తప్పు గ్రాఫ్‌ది కాదు, నేను చదివిన పద్ధతిది. ఆ లెక్క ఎలా చేయాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

కన్ను ఎక్కడ మోసపోతుంది?

మామూలు స్కేల్‌లో సమాన దూరం అంటే సమాన కూడిక. సెంటీమీటర్ జరిగితే పది పెరిగింది, ఇంకో సెంటీమీటర్ జరిగితే ఇంకో పది. లాగ్ స్కేల్‌లో మాత్రం సమాన దూరం అంటే సమాన గుణకారం. 100 నుంచి 1,000 వరకు ఎంత దూరం ఉంటుందో, 1,000 నుంచి 10,000 వరకు కూడా అంతే దూరం ఉంటుంది. రెండుచోట్లా విలువ పది రెట్లు అయింది కాబట్టి. ఈ ఆర్టికల్‌లో అలాంటి దూరాన్ని ఒక మెట్టు అందాం.

మరి 1,000కీ 10,000కీ సరిగ్గా నడిమధ్య ఏముంటుంది? మన మనసు 5,500 అంటుంది. అసలు ఉండేది దాదాపు 3,162. ఎందుకంటే వెయ్యిని 3.162తో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 3.162తో గుణిస్తే పదివేలు వస్తుంది. నేను చేసిన పొరపాటు ఇదే. మెట్టు లోపల మామూలు స్కేల్ లెక్క వాడేశాను.

యాక్సిస్ లాగ్ అవునా కాదా అని గీతల్ని చూసి చెప్పొచ్చు. 100 తర్వాత 200, 300, 400 అని వచ్చే సన్న గీతలు కుడివైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతూ ఉంటే అది లాగ్. ఒక్క జాగ్రత్త: 1k దాటాక వచ్చే మొదటి సన్న గీత 1,100 కాదు, సాధారణంగా 2,000. ఈ గీతలకి చాలా గ్రాఫ్‌లలో పేర్లు ఉండవు, కాబట్టి లెక్కపెట్టేటప్పుడు ఇక్కడే తడబడతాం.

పిక్సెల్‌ని విలువతో ముడిపెట్టడం

ముందు స్క్రీన్‌షాట్‌ని కంప్యూటర్‌లో పెయింట్‌లో ఓపెన్ చేయండి. కర్సర్ ఎక్కడ ఉందో కింద మూలలో రెండు నంబర్లు కనిపిస్తాయి. మొదటిది ఎడమ అంచు నుంచి దూరం, రెండోది పై అంచు నుంచి దూరం. మనకి కావాల్సింది విలువ ఖచ్చితంగా తెలిసిన రెండు గీతలు. నా స్క్రీన్‌షాట్‌లో 100 గీత 302వ పిక్సెల్ దగ్గర, 10k గీత 890 దగ్గర ఉన్నాయి. మధ్య దూరం 588 పిక్సెల్స్, అందులో రెండు మెట్లు. అంటే ఒక మెట్టుకి 294 పిక్సెల్స్.

ఇప్పుడు శిఖరం 830 దగ్గర ఉంది. 100 గీత నుంచి 528 పిక్సెల్స్ దూరం. 528ని 294తో భాగిస్తే దాదాపు 1.796 మెట్లు. 100ని పది ఘాతం 1.796తో గుణిస్తే సుమారు 6,250 హెర్ట్జ్. లెక్క అంతే.

ఒకటి రెండు పాయింట్లయితే ఫోన్ కాలిక్యులేటర్ చాలు. ఎక్కువ ఉంటే ఈ చిన్న పైథాన్ కోడ్ వాడండి:

```python
x1, f1 = 302, 100
x2, f2 = 890, 10000

def freq(x):
    t = (x - x1) / (x2 - x1)
    return f1 * (f2 / f1) ** t

print(round(freq(830)))   # 6251
```

ఇందులో `t` అంటే మొదటి గీత నుంచి రెండో గీత వైపు ఎంత వంతు దూరం వచ్చామో అది. మామూలు స్కేల్ అయితే ఆ వంతుని తేడాతో గుణించి కలుపుతాం. లాగ్ స్కేల్‌లో అదే వంతు ఘాతంగా పైకి వెళుతుంది.

నేను మొదట చేసిన తప్పు లెక్క కూడా చూడండి. 830 అనేది 1k గీత నుంచి 234 పిక్సెల్స్ దూరం, అంటే మెట్టులో 0.796 వంతు. దాన్ని 9,000తో గుణించి వెయ్యి కలిపితే 8,163. ఎనిమిది అని నా కన్ను చెప్పింది ఇందుకే.

మూడో గీతతో చెక్ చేయకుండా ముందుకి వెళ్లొద్దు

రెండు గీతలతో కాలిబ్రేషన్ ఎప్పుడూ కుదిరినట్టే కనిపిస్తుంది, తప్పు క్లిక్ చేసినా సరే. అందుకే వాడని ఇంకో గీతతో పరీక్షించాలి. నా లెక్క ప్రకారం 1k గీత 302కి 294 కలిపితే వచ్చే 596 దగ్గర ఉండాలి. కర్సర్ పెట్టి చూస్తే అక్కడే ఉంది. ఒకవేళ ఆ యాక్సిస్ మామూలు స్కేల్ అయి ఉంటే 1k గీత 355 దగ్గరే కనిపించేది. అంత పెద్ద తేడాని ఎవరూ మిస్ అవ్వరు. ఒకటి రెండు పిక్సెల్స్ తేడా వస్తే ఫర్వాలేదు. పది పిక్సెల్స్ వస్తే మాత్రం గీత తప్పుగా గుర్తించారు, లేదా ఆ ఇమేజ్ వంకరగా ఉందని అర్థం.

వంకర అంటే గుర్తొచ్చింది, లాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో ఈ పనికి పనికిరాదు. స్క్రీన్‌షాట్‌ని చిన్నది చేసినా, ఒకవైపు సాగదీసినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఒక్కో యాక్సిస్‌ని విడిగా కాలిబ్రేట్ చేస్తాం. కానీ పక్కకి వంగిన ఫొటోలో ఒకే మెట్టు ఒకచోట పొడవుగా, ఇంకోచోట పొట్టిగా ఉంటుంది. ఇంకో విషయం, కాలిబ్రేట్ చేశాక అదే ఇమేజ్‌లో శిఖరం చదవాలి. మధ్యలో క్రాప్ చేశారంటే పాత నంబర్లు చెల్లవు.

దూరంగా ఉన్న గీతలే ఎందుకు?

నేను 1k, 2k గీతలు తీసుకుని ఉంటే? 2k గీత 684, 685 మధ్య ఉంటుంది. అది మసకగా ఉండి 687 అని చదివానని అనుకుందాం. రెండు మూడు పిక్సెల్స్ పొరపాటు, అంతే. కానీ శిఖరం ఆ రెండు గీతలకి చాలా బయట ఉంది కాబట్టి ఆ పొరపాటు సాగిపోయి, జవాబు 5,944 హెర్ట్జ్ వస్తుంది. మూడు వందలు తేడా! 100, 10k తీసుకుని, 10k గీతని మూడు పిక్సెల్స్ తప్పుగా 893 అని చదివినా జవాబు 6,121. తేడా 130 మాత్రమే. కాబట్టి చదవాల్సిన పాయింట్ రెండు గీతల మధ్యలో ఉండేలా, ఆ గీతలు వీలైనంత దూరంగా ఉండేలా చూసుకోండి.

లాగ్ స్కేల్‌లో ఒక పిక్సెల్ పొరపాటు విలువ ఎన్ని హెర్ట్జ్ అని ఒకే మాటలో చెప్పలేం, శాతంలోనే చెప్పగలం. ఈ ఇమేజ్‌లో ఒక పిక్సెల్ అంటే సుమారు 0.8 శాతం. అది 100 హెర్ట్జ్ దగ్గర ఒక హెర్ట్జ్ కూడా కాదు, అదే 6,250 దగ్గర 49 హెర్ట్జ్. గ్రాఫ్ గీత మందం నాలుగు పిక్సెల్స్ ఉంటే దాని నడిమధ్య తీసుకోండి, అప్పుడు కూడా రెండు పిక్సెల్స్ అటూఇటూ, అంటే వంద హెర్ట్జ్ వరకు సందేహం మిగులుతుంది. అందుకే కోడ్ 6251 అని చెప్పినా, నేను "సుమారు 6.2 కిలోహెర్ట్జ్" అనే రాసుకుంటాను.

నిలువు యాక్సిస్‌కి లాగ్ వాడకండి

ఇది చాలామంది పడే గొయ్యి. డెసిబెల్ అనేది ముందే లాగ్ చేసిన యూనిట్. కాబట్టి గ్రాఫ్‌లో డెసిబెల్ గీతలు సమాన దూరంలో ఉంటాయి, మామూలు లెక్కే చాలు. నా ఇమేజ్‌లో 60 గీత 520 దగ్గర, 90 గీత 160 దగ్గర ఉన్నాయి. పిక్సెల్స్ పై నుంచి లెక్కిస్తారు కాబట్టి పెద్ద విలువకి చిన్న నంబర్ వచ్చింది, కంగారు పడొద్దు. ముప్పై డెసిబెల్స్‌కి 360 పిక్సెల్స్, అంటే డెసిబెల్‌కి 12. శిఖరం 196 దగ్గర ఉంది, అంటే 87 డెసిబెల్స్. దాని పక్కన గీత 292 దగ్గర, అంటే 79. శిఖరం చుట్టుపక్కల కంటే ఎనిమిది డెసిబెల్స్ ఎత్తు. చెవి నొప్పి పుట్టదా మరి!

చదివాక ఏం చేశాను?

టోన్ జనరేటర్ యాప్‌లో వాల్యూమ్ బాగా తగ్గించి, ఐదు నుంచి తొమ్మిది కిలోహెర్ట్జ్ వరకు మెల్లగా జరుపుతూ విన్నాను. ఆరు దాటగానే శబ్దం ఒక్కసారిగా పొంగింది. పిక్సెల్ లెక్క చెప్పింది చెవి ఒప్పుకుంది. ఈక్వలైజర్‌లో 6,250 దగ్గర, క్యూ విలువ 4తో, ఆరు డెసిబెల్స్ తగ్గించాను. ‘స’ గుచ్చడం చాలావరకు పోయింది. అదే ఫిల్టర్‌ని 8,160 దగ్గర పెట్టి ఉంటే అది ముఖ్యంగా 7,200 నుంచి 9,200 వరకు పనిచేసేది. అసలు శిఖరం అలాగే ఉండిపోయి, పైన ఉన్న మెరుపు మాత్రం పోయేది.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. మనం చదివేది గ్రాఫ్ చెప్పినదాన్నే. నిజంగానే శిఖరం ఎనిమిది దగ్గర వచ్చి ఉంటే, అది ఇయర్‌ఫోన్‌దో కప్లర్‌దో పిక్సెల్స్ చెప్పలేవు. ఇయర్‌ఫోన్‌ని ఎంత లోతుగా పెట్టారన్న దాన్ని బట్టి ఆ శిఖరం జరుగుతుంది. గ్రాఫ్‌ని స్మూత్ చేసి ఉంటే సన్నటి శిఖరాల ఎత్తు కూడా తగ్గి కనిపిస్తుంది.

పాయింట్లు పదుల్లో ఉంటే WebPlotDigitizer అనే ఉచిత టూల్ ఇదే పని చేస్తుంది. యాక్సిస్ మీద గీతలు క్లిక్ చేసి, విలువలు ఇచ్చాక `Log Scale` టిక్ పెట్టాలి, అడ్డ యాక్సిస్‌కి మాత్రమే. ఆ టిక్ మర్చిపోతే టూల్ కూడా నాలాగే తప్పు నంబర్లు చదువుతుంది. అక్కడ కూడా ముందు 1k గీత మీద ఒక పాయింట్ పెట్టి వెయ్యి వస్తోందో లేదో చూసుకుని, ఆ తర్వాతే మిగతావి చదవండి.